సుత్తి అక్క పాత సరుకు

మా ఓనరమ్మని అందరూ సుత్తి అక్క అనేవాళ్ళు. మొహం మీద కాదు, వెనకాల. కొత్తగా చేరినవాళ్ళు ఈవిడ వాగి వాగి బుర్ర తింటుంది కాబోలని భయపడేవాళ్ళు. తీరా చూస్తే రోజు మొత్తంలో ఆవిడ నోటినుంచి వచ్చే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ పేరు నోటివల్ల వచ్చింది కాదు, చేతివల్ల వచ్చింది. మడమలకు మేకులు దిగ్గొట్టే పొట్టి సుత్తి ఆవిడ చేతిలోనో నడుం దగ్గరో ఎప్పుడూ ఉండేది. ఒకసారి తోలు కట్టలు ఎత్తుకుపోతున్నవాణ్ణి గోడ దూకుతుండగా పట్టుకుని, ఆ సుత్తితోనే వాడి మోకాలి చిప్ప పగలగొట్టింది. పోలీసులు వచ్చేదాకా వాడి పక్కనే కూర్చుని మంచినీళ్ళు తాగించింది. అదీ మనిషి.

మాది బూట్ల కంపెనీ. వర్క్‌షాపు, వెనకవీధిలో గోడౌను, పెద్ద బజార్లో ఒక షోరూము. బయటి ఊళ్ళలో డీలర్లు ఉండేవాళ్ళు. ప్రతి బూటు అడుగున డేగ బొమ్మ ముద్ర ఉంటుంది. నేను షోరూములో సేల్స్‌మన్‌ని. కంపెనీ పెట్టింది అక్క తండ్రి. పెద్దాయన అనేవాళ్ళం. బూటు కుట్టు వంకర పోతే దాన్ని అందరి ముందూ తోలు కత్తితో నిలువునా చీరేసేవాడు. కుట్టినవాణ్ణి బెల్టుతో కొట్టేవాడు. కుట్టింది సొంత కూతురైనా సరే. అక్క వీపుమీద ఆ బెల్టు బకిల్ అచ్చు ఇంకా ఉందని కుట్టుమిషను ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అక్క తమ్ముడికి కూడా తక్కువేం పడలేదు. కాకపోతే అతను దెబ్బలు తిన్నాక ఏడ్చేవాడు, ఆవిడ ఏడ్చేది కాదు. పెద్దాయన పోయాక తయారీ, గోడౌను అక్క చేతికి వచ్చాయి. షోరూము, బ్యాంకు, డీలర్లు తమ్ముడి చేతికి వచ్చాయి. ఇద్దరికీ ఆస్తితోబాటు ఆయన చెయ్యి కూడా వచ్చింది.

గొడవంతా ముక్కు దగ్గర మొదలైంది. బూటు ముక్కు. మా డేగ బూటు అంటే సన్నటి కోసు ముక్కు. జనం వెడల్పు ముక్కు బూట్లకి మళ్ళారు. నేను షోరూములో రోజూ చూస్తూనే ఉన్నాను. జనం వచ్చి కాలు పెట్టి చూసి, "వేళ్ళు నొక్కేస్తున్నాయండీ" అని లేచిపోయేవాళ్ళు. తమ్ముడు అక్కకి చెప్పాడు. ఆవిడ వినలేదు.

"నాన్న గీసిన ముక్కు అది. జనం మళ్ళీ వస్తారు" అని ఆ ఏడాది కూడా అవే కోయించింది.

జనం రాలేదు. గోడౌనులో పెట్టెలు పైకప్పుని తాకాయి. నడిచే దారి కూడా పెట్టెలతో మూసుకుపోయింది. డబ్బంతా ఆ అట్టపెట్టెల్లోనే కూర్చుంది. తోలు వ్యాపారి ఇక అరువు లేదన్నాడు. జీతాలు ఒక నెల ఆలస్యమయ్యాయి, రెండో నెల అసలు రాలేదు. సోళ్ళు అతికించే పనివాడొకడు తమ్ముడి కారు అద్దం ఇటుకతో పగలగొట్టి, ఆ ఇటుక సీట్లోనే పెట్టి వెళ్ళాడు. ఎవరు చేశారో తెలిసి కూడా తమ్ముడు కిమ్మనలేదు. ఆ పనివాడి ఇంట్లో పిల్లలకి పాలు లేవని కూడా తెలుసు మరి.

మర్నాడు పొద్దున్న నన్ను వెంటబెట్టుకుని గోడౌనుకి వెళ్ళాడు. ఏ మోడల్ ఎన్ని ఉన్నాయో చూసి ధరలు తగ్గించి అమ్మేద్దామని అతని ఆలోచన. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల చిరుగుడు చప్పుడు. వంగి చూస్తే అక్క నేలమీద కూర్చుని ఉంది. ఒడిలో బూటు, చేతిలో తోలు కత్తి. బూటు ముక్కు దగ్గర పొడిచి మడమదాకా ఒకే ఊపులో చీరుతోంది. చుట్టూ కోళ్ళు కోసిన చోటులాగా తోలు ముక్కలు.

"అక్కా! పిచ్చిగాని పట్టిందా నీకు?"

"అమ్ముడు పోనిది ఉంచకూడదు. చవగ్గా బజార్లో పడితే డేగ ముద్ర చచ్చిపోతుంది. నాన్న ఇలాగే చేసేవాడు."

"నాన్న చీరింది పాడైన బూటు. ఇవి పాడవలేదు! పనివాళ్ళ జీతాల్ని కోస్తున్నావే నువ్వు!"

ఆవిడ తలెత్తకుండా ఇంకోటి తీసుకుంది. తమ్ముడు ఆ బూటు లాక్కున్నాడు. కత్తి జారి అతని అరచెయ్యి తెగింది. నెత్తురు చూసి అతనికి ఒళ్ళు తెలియలేదు. షెల్ఫులో ఉన్న చెక్క అచ్చు తీసి విసిరాడు. బూటు కుట్టేటప్పుడు లోపల పెట్టే చెక్క పాదం అది, బరువుగా ఉంటుంది. ఆవిడ కనుబొమ్మ చిట్లింది. నేను మధ్యలోకి వెళ్ళేలోపే ఆవిడ లేచి అతని చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంకో చేత్తో జుట్టు పట్టుకుని పెట్టెల గుట్టలోకి తోసింది. గుట్ట మొత్తం కూలి మా ముగ్గురిమీదా పడింది. అట్టపెట్టెల కిందనుంచి ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటుంటే నేను ఒక్కో పెట్టే తీస్తూ తవ్వుకున్నాను. నవ్వొచ్చే దృశ్యమే కానీ నేల నిండా నెత్తురు చుక్కలు.

"నీ పరువు నువ్వే నవులుకుంటూ కూర్చో. రేపు నేనేం చేస్తానో చూడు" అని తమ్ముడు చేతికి రుమాలు కట్టుకుని వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. తెల్లారేసరికి షోరూము ముందు ఇంత పొడుగు బోర్డు: అన్ని మోడళ్ళూ సగానికి సగం. పాత కోసు ముక్కువీ, తను పట్టుబట్టి కొద్దిగా కుట్టిస్తే అప్పుడే వచ్చిన వెడల్పు ముక్కువీ అన్నీ కలిపేశాడు. కొత్తవాటి మీద లాభం ఎందుకు వదులుకుంటున్నారని అడగబోయి, అతని కళ్ళు చూసి బిల్లు పుస్తకం తీసుకుని కౌంటరు వెనక్కి నడిచాను.

జనం వరదలా వచ్చారు. గల్లాపెట్టె నిండింది, నిజమే. కానీ వచ్చినవాళ్ళలో ఒకాయన, ఏళ్ళ తరబడి నా దగ్గరే కొనేవాడు, బోర్డు కేసి, నాకేసి చూశాడు. "మొన్న పండక్కని కాదు, పెళ్ళికని కాదు, మీ మాట నమ్మి పూర్తి ధర పెట్టి కొన్నాను. నన్ను వెర్రివాణ్ణి చేశారా?" అని కాలికున్న బూట్లు విప్పి కౌంటరు మీద పెట్టి, వట్టి సాక్సులతో మెట్లు దిగిపోయాడు. ఆ రోజు నాకు పడిన మొదటి దెబ్బ అదే.

అసలు దెబ్బ మధ్యాహ్నం పడింది. డీలర్లకి కబురు అందింది. నెల కింద మా దగ్గర దాదాపు పూర్తి ధరకి సరుకు తీసుకుని వాళ్ళ షాపుల్లో పేర్చుకున్నారు వాళ్ళు. ఇప్పుడు కంపెనీయే సగానికి అమ్ముతుంటే వాళ్ళ దగ్గర ఎవడు కొంటాడు? ఒక వ్యానులో దిగారు. ముందు నడిచింది మీసాలాయన. పెద్దాయనకి స్నేహితుడు, మా అందరికంటే పాత డీలరు. అక్కా తమ్ముడూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళు.

"ఒరేయ్ అబ్బాయ్, బయటికి రా. మా నెత్తిన చెయ్యి పెట్టింది నువ్వేనా?"

"బాబాయ్, పరిస్థితి మీకు తెలీదు..."

"పరిస్థితి తెలీదా? మా షాపుల్లో పాడె కట్టావురా!"

తమ్ముడు నోరు జారాడు. "కొన్న సరుకు అమ్ముకోవడం చేతకాకపోతే షాపు మూసుకోండి" అన్నాడు. ఇక ఎవరూ ఆగలేదు. మొదట కుర్చీ ఒకటి గాజు అల్మారాలోకి దూసుకెళ్ళింది. తర్వాత అన్నీ దూసుకెళ్ళాయి. షెల్ఫులు ఊడబెరికారు. బూట్లు రోడ్డుమీదికి విసిరారు. రోడ్డుమీద జనం ఏరుకుని పరిగెత్తారు. ఒకామె ఎడమకాలివి రెండు దొరికాయని మళ్ళీ లోపలికి వచ్చింది. నేను గల్లాపెట్టెకి అడ్డం పడ్డాను. ఎవడో ఇనప రాడ్డుతో కొట్టాడు. ముంజేయి కటుక్కుమన్న చప్పుడు ముందు వినబడింది, నొప్పి తర్వాత తెలిసింది. కౌంటరు వెనక తమ్ముణ్ణి కింద పడేసి తన్నుతున్నారు. అతను తల చేతులతో కప్పుకుని ముడుచుకుపోయాడు. చెవిలోంచి నెత్తురు కారుతోంది.

అప్పుడొచ్చింది అక్క. కనుబొమ్మకి కట్టు, చేతిలో సుత్తి. అరవలేదు. తమ్ముణ్ణి తన్నుతున్న ఒకడి తుంటిమీద కొట్టింది, వాడు కూలబడ్డాడు. ఇంకొకడి భుజం మీద కొట్టింది. తమ్ముడికి అటోకాలు ఇటోకాలు వేసి నిలబడింది. ఎవరో వెనకనుంచి పట్టుకోబోయారు. తిరిగి చూడకుండా సుత్తి దించింది. కౌంటరు బల్ల అంచు మీద ఉన్న చేతిమీద పడింది అది. చూస్తే మీసాలాయన. ఆవిణ్ణి ఆపడానికి వచ్చాడో కొట్టడానికి వచ్చాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. వేళ్ళు మూడు నలిగిపోయాయి. ఆయన కేక పెట్టలేదు. ఆ చేతికేసి చూసుకుని, "అమ్మాయ్..." అన్నాడంతే.

అందరూ ఆగిపోయారు. సుత్తి ఆవిడ చేతిలోంచి జారిపడింది.

పోలీసులు ఆవిణ్ణీ, ముగ్గురు డీలర్లనీ జీపెక్కించారు. మీసాలాయన ఫిర్యాదు రాయించలేదు. మేమూ రాయించలేదు. ఆ సాయంత్రానికి వదిలేశారు. తమ్ముణ్ణీ నన్నూ మీసాలాయన్నీ ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో పడేశారు. వేరే మంచాలు ఖాళీ లేవట. మాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తమ్ముడికి కుడిచెవి ఇక వినబడదని డాక్టరు చెప్పాడు.

అక్క స్టేషన్నుంచి నేరుగా వార్డుకి వచ్చింది. మీసాలాయన మంచం పక్కన నిలబడింది. ఆయన లేచి కూర్చుని ఎడమచేత్తో చెంపమీద ఒక్కటిచ్చాడు. వార్డంతా వినబడింది. ఆవిడ చెంప తడుముకోలేదు.

"ఇంకోటి కొట్టు బాబాయ్."

"నిన్ను కొడితే నా వేళ్ళు లేచొస్తాయా? నా షాపులో సరుకు లేచి నడుస్తుందా? తగ్గిస్తే తగ్గించుకోండి, కాదనం. ముందు మాకో మాట చెప్పాలి కదే!"

"నాకు తెలీదు బాబాయ్, వాడు బోర్డు పెడతాడని."

"తెలీదా? నువ్వు కోసేస్తుంటే వాడు బోర్డు పెట్టాడు. ఇద్దరూ ఆ బెల్టు మనిషి పిల్లలే. ఒకళ్ళకి పేరు కావాలి, ఒకళ్ళకి డబ్బు కావాలి. మేం మనుషులమని ఇద్దరికీ గుర్తులేదు."

పక్క మంచంమీంచి తమ్ముడు ఎడమచెవి ఇటు తిప్పి వింటున్నాడు. "జీతాలు ఇవ్వాలి. తోలు కొనాలి. ఆ డబ్బు ఈ నెలలోనే రావాలి. నాకు తెలిసింది అదొక్కటే" అన్నాడు వాచిన పెదాలతో.

అక్క రెండు మంచాల మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ కోసు ముక్కు నా తప్పే" అంది. ఆవిడ నోటినుంచి అలాంటి మాట మేం ఎన్నడూ వినలేదు. తర్వాత ముగ్గురూ మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారంటే తిట్టుకుంటూ మాట్లాడుకున్నారు. నర్సు రెండుసార్లు వచ్చి గసిరింది.

తేలినదేమిటంటే: షోరూములో బోర్డు వెంటనే తీసెయ్యాలి. అక్కడ కొత్త వెడల్పు ముక్కు బూట్లు మాత్రమే, పూర్తి ధరకే. పాతది ఒక్క జత కూడా కనబడకూడదు. పాత సరుకు వెనకవీధి గోడౌనులో, కంపెనీ పేరు బోర్డు లేకుండా, కొద్ది రోజులే అమ్మాలి. పోయిన ఏడాదివి మూడో వంతు తగ్గించి, అంతకు ముందువి సగానికి. రోజురోజుకీ ఇంకా తగ్గిస్తారని జనం ఎదురుచూడకుండా, ఒకటే ధర, ఒక్కసారే.

"మొదటిరోజు మన పాత ఖాతాదార్లకే. ఫోను చేసి పిలవండి. వాళ్ళని వెర్రివాళ్ళని చెయ్యకూడదు" అన్నాన్నేను, ఆ సాక్సుల మనిషిని తలుచుకుని. అక్క తలూపింది.

"మరి మా దగ్గర మిగిలినవి?" అన్నాడు మీసాలాయన.

"వెనక్కి తీసుకోలేం. తీసుకుంటే డబ్బివ్వాలి, లేదు" అన్నాడు తమ్ముడు.

"డబ్బొద్దురా. మీ షెల్ఫుల్లో ఉన్నవి మేం ఎంతకి కొన్నామో, తగ్గించిన ధర ఎంతో చూసి, ఆ తేడా మాకు జమ రాయండి. కొత్త మోడళ్ళు తీసుకున్నప్పుడు బిల్లులో కొంచెం కొంచెం తగ్గించండి. అవే రోజుల్లో మేమూ అదే ధరకి అమ్ముకుంటాం. అప్పుడు ఎవడూ ఎవడి గొంతూ కొయ్యడు."

తమ్ముడు ఆలోచించాడు. చేతిలోంచి డబ్బు పోదు, కొత్త సరుకు అమ్ముడు పోతేనే తేడా కరుగుతుంది. "సరే బాబాయ్" అన్నాడు. మీసాలాయన అతనికి తలూపాడు గానీ, ఆ తర్వాత అక్కతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గోడౌను అమ్మకానికి ముందు అక్క ఒక పని చేయించింది. ప్రతి పాత బూటు అడుగునా డేగ ముద్ర మీద ఉలితో అడ్డంగా ఒక గాటు. దాంతో ఎవడూ ఇక్కడ చవగ్గా కొని షోరూముకి తెచ్చి పూర్తి ధర వాపసు అడగలేడు. మార్చుకోవడం లేదని గేటు మీద రాయించింది. "కానీ కుట్టు ఊడితే తెండి, ఉత్తినే కుట్టిస్తాం. ముద్ర గీకేసినా బూటు మనదే" అని చెప్పమంది.

జనం షట్టరు విరిగేలా తోసుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే జతకోసం చొక్కాలు చింపుకున్నారు. అక్క కొద్దికొద్దిమందినే లోపలికి వదిలింది. పిడికిలి ఎత్తినవాణ్ణి మెడపట్టి లైను చివరికి తోసింది. చెయ్యి కట్టు కట్టుకుని నేను బిల్లులు రాశాను. మొదటిరోజు సాక్సుల మనిషి రాలేదు. ఆయన మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

చివరికి తెగిపోయిన సైజులు మిగిలాయి. అన్నీ మరీ చిన్నవో మరీ పెద్దవో. వాటిని లాటు వ్యాపారి ఒకడు గుత్తగా తీసుకుంటానన్నాడు. మా షరతులు మూడు: ముద్ర పూర్తిగా అరగదీసినవే తీసుకెళ్ళాలి, మన డీలర్లున్న ఊళ్ళలో అమ్మకూడదు, డబ్బు మొత్తం ఇచ్చాకే బండి కదలాలి. వాడు అన్నిటికీ తలూపాడు. లోడు ఎత్తే రోజు నేను చూసేసరికి, వాడి హమాలీలు అరగదియ్యని బస్తాలు కూడా బండిలో వేసేస్తున్నారు. ముద్ర ఉంటే వాడికి ఎక్కువ ధర వస్తుంది మరి.

నేను అరిచాను. అందరికంటే ముందు బండిలోకి దూకింది తమ్ముడు. ఏ ధరకైనా డబ్బే కావాలని మొదట్లో అన్న మనిషి. బస్తాలు ఒక్కొక్కటే కిందకి తోస్తూ, "గీకనిది ఒక్కటి కూడా పోదు! ఒక్కటి కూడా!" అని గొంతు చించుకున్నాడు. ఒక హమాలీ అతని కుడివైపునుంచి వచ్చాడు. ఆ చెవి వినబడదు కదా, తమ్ముడికి తెలీలేదు. వీపుమీద బస్తా కొక్కెంతో లాగాడు. చొక్కా, చర్మం కలిసి చిరిగాయి. అక్క బండి చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, ఆ హమాలీని కాలర్ పట్టి కిందికి ఈడ్చింది. మట్టిలో ఇద్దరూ దొర్లారు. హమాలీ ముక్కు బద్దలైంది, ఆవిడ పన్ను ఒకటి ఊడింది. సుత్తి జోలికి మాత్రం వెళ్ళలేదు. అది నడుం దగ్గరే ఉంది, నేను చూశాను.

లాటు వ్యాపారి చేతులు జోడించాడు. బస్తాలన్నీ దింపించి, అరవై నంబరు గరుకు కాగితంతో ముద్రలు అరగదీయించి, డబ్బు మొత్తం కౌంటరు మీద పెట్టాకే బండి కదిలింది.

ఆ డబ్బుతో ముందు జీతాలు ఇచ్చాం. తర్వాత వెడల్పు ముక్కు బూట్లకి తోలు నగదుకి కొన్నాం. నగదు కాబట్టి వ్యాపారి ధర కూడా కొంచెం తగ్గించాడు. బ్యాంకుకి వడ్డీ కట్టాం. పాత అప్పు ఇంకా ఉంది, అది మెల్లమెల్లగా తీరింది. షోరూముకి కొత్త అద్దాలు వేయించాం. ఇద్దరు డీలర్లు పోయారు. మిగిలినవాళ్ళు ఉండిపోయారు. కోసు ముక్కు అచ్చులు అక్క స్వయంగా పొయ్యిలో వేసింది. ఒక్కో అచ్చు మంటల్లో పగులుతుంటే ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అప్పటినుంచి కొత్త మోడల్ ఏదైనా మొదట కొద్దిగానే కోసేది. నేను షోరూములో ఎలా పోతున్నాయో చెప్పాకే మిగతావి.

కొత్త సీజను ఆర్డర్లకి మీసాలాయన వచ్చాడు. ఆ మూడు వేళ్ళూ ముడుచుకోవు, అలాగే నిలబడిపోయాయి. అక్క కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. బూట్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు, కుట్టు లాగి చూశాడు. ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగం ఆర్డరు రాయించి, ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు.

"టీ తాగు బాబాయ్" అంది అక్క.

"జమ రాశారా?" అని ఆయన నన్ను అడిగాడు.

రాశామని చూపించాను. చూసుకుని, తలూపి, మెట్లు దిగాడు. అక్క ఆ కాగితం అందుకుని, సిరా ఆరేదాకా ఆ సంతకం కేసే చూస్తూ నిలబడింది. తర్వాత వర్క్‌షాపులోకి వెళ్ళి, "బాబాయ్ సరుకు ముందు కొయ్యండి" అని కటింగ్ మాస్టరుకి చెప్పింది.